పన్నెండు కూడినంత మాత్రాన పుష్కరం రాదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు పినాకిని, చిత్రావతి నదులు జీవధారలు. రెండూ నందిగిరుల నుండి దిగివచ్చినవే. అయితే బృహస్పతి సంచారాన్ని అనుసరించి ద్వాదశ నదులను నిర్దేశించే పట్టికగా పంచాంగములలో సాధారణముగా ముద్రితమయ్యే దానిలో ఈ రెండింటికీ స్థానం లేదు. అందువలన ఈ సీమలోని భక్తులకు సమీపమైన పుష్కరనది తుంగభద్రయే. 1565 తరువాత విజయనగర రాజధాని తుంగభద్రాతీరం విడిచి పెనుకొండకు చేరింది. నేడు పెనుకొండ వాసులు గుంతకల్లు దిశగా రైలెక్కి మంత్రాలయానికో, కర్నూలుకో ఆ నదిని వెదుక్కొంటూ వెళ్లుతున్నారు. పితృకర్మ సంకల్పించిన ప్రతి గృహస్థుని నోట వినవచ్చే ప్రశ్న ఒక్కటే: మరల ఎప్పుడు?

ఈ ప్రశ్నకు సాధారణముగా లభించే సమాధానం "పన్నెండేళ్లకు" అన్నది. గత తుంగభద్రా పుష్కరం 2020లో జరిగినది గనుక తరువాతిది 2032లో అని వ్రేళ్ల మీద లెక్కించి చెప్పుతారు. సంవత్సరం వరకు ఈ సమాధానం ఈసారికి సరిపోవచ్చును. కాని అది సరిపోవడానికి గల కారణం పన్నెండు అనే సంఖ్య కాదు. ఈ భేదమును గుర్తింపనివారు 2032లో ఏ మాసమున స్నానమాచరించవలెనో తెలియక సందిగ్ధములో పడతారు. 2044లో అయితే నెలల తరబడి ఆలస్యముగా నదిని చేరుకొంటారు.

పుష్కరమునకు ఆధారం కాలసంఖ్య కాదు, గురుని రాశిప్రవేశం. గురువు మేషమున ప్రవేశించినపుడు గంగకు, సింహమున గోదావరికి, కన్యయందు కృష్ణకు, మకరమున తుంగభద్రకు పుష్కరయోగం. ప్రవేశం మొదలు పన్నెండు దినములు ఆదిపుష్కరం. గురువు ఆ రాశిని విడుచుటకు ముందటి పన్నెండు దినములు అంత్యపుష్కరం. నడుమ కాలమంతయు పుష్కరుని సాన్నిధ్యం ఆ నదియందే ఉండునని సంప్రదాయం. అనగా పుష్కరమన్నది కేవలం పన్నెండు దినముల ఉత్సవం కాదు, ఒక రాశిలో గురుని నివాసం. ఉత్సవం ఆ నివాసమునకు ద్వారం మాత్రమే.

ఇక గురుని గతిని పరిశీలింపవలెను. సూర్యసిద్ధాంతం మహాయుగమునకు గురుభగణములు 3,64,220 అని చెప్పినది. ఆ లెక్కన ఒక ప్రదక్షిణకు సుమారు 4332 దినములు పడుతుంది. ఆధునిక ఖగోళగణితం చెప్పే 4332.6 దినములకు ఇది అత్యంత సమీపం. పన్నెండు సౌరవర్షములకు 4383 దినములు. అనగా పన్నెండేళ్లు నిండుటకు సుమారు యాభై దినములు ముందే గురువు తన ప్రదక్షిణ ముగిస్తాడు. పన్నెండేళ్లు నిండునాటికి అతడు పూర్వస్థానమును దాటి నాలుగు భాగలకు పైగా ముందుకు వెళ్లి ఉంటాడు.

ఈ నాలుగు భాగల వ్యత్యాసమే పుష్కరతిథులను వెనుకకు జరుపుతున్నది. గోదావరి పుష్కరాలు 2003లో జూలై 30న, 2015లో జూలై 14న ఆరంభమైనవి. 2027కు ప్రభుత్వం ప్రకటించిన ఆరంభదినం జూన్ 26. ఒకసారి పదహారు దినములు, మరొకసారి పద్దెనిమిది దినములు. యాభై దినములు జరగకపోవుటకు కారణం గురువు ఎల్లవేళలా ఒకే వేగంతో నడవకపోవుటయే. రాశిని దాటు సమయమున అతడు శీఘ్రగతిలో ఉన్నచో నాలుగు భాగలు కొద్ది దినములలోనే గడచిపోతాయి.

వేగభేదంతో పాటు వక్రగతి కూడా ఉన్నది. గురువు ప్రతి పదమూడు నెలలకొకసారి నిలిచి, సుమారు నాలుగు నెలలపాటు వెనుకకు నడచి, పది భాగల మేర తిరిగివచ్చి, మరల ముందుకు సాగుతాడు. రాశి సరిహద్దు ఆ పది భాగల లోపల పడినచో ప్రవేశం ఒకటి కాదు, రెండు. తుంగభద్ర విషయమున జరుగుతున్నది ఇదే. ధనుర్మకర సంధివద్ద నాలుగు పర్యాయముల గురుసంచారమును వరుసగా చూచిన యెడల విషయం సుబోధమవుతుంది.

2008లో గురువు ధనుస్సులో ఇరువది ఎనిమిదవ భాగ వరకు వచ్చి, మకరమును తాకకుండానే వెనుదిరిగినాడు. తరువాత ఋజుగతిని డిసెంబరులో మకరం ప్రవేశించినాడు. ప్రవేశం ఒక్కటే గనుక సందేహమునకు తావు లేదు. పన్నెండేళ్ల తరువాత, నాలుగు భాగల వ్యత్యాసం చేరగా, 2020 మార్చి చివర మకరంలో అడుగుపెట్టి, మూడవ భాగ వరకు వెళ్లి, వక్రించి, జూన్ చివర మరల ధనుస్సును చేరినాడు. నవంబరు 20న పునఃప్రవేశం. శార్వరి నామ సంవత్సరమున పుష్కరమునకు ప్రమాణముగా గ్రహింపబడినది ఈ రెండవ ప్రవేశమే. నవంబరు 20 మధ్యాహ్నం కర్నూలులో పుష్కరం ఆరంభమై డిసెంబరు 1 వరకు సాగినది. మహమ్మారి కారణముగా నదీస్నానమునకు ప్రతిబంధం ఉండి జల్లుస్నానములతో భక్తులు తృప్తిపడవలసివచ్చినా, కాలనిర్ణయంలో మాత్రం లోపం లేదు.

2032లో మరో నాలుగు భాగలు చేరుతాయి. దృగ్గణితం ప్రకారం గురువు మార్చి మొదటి వారమున మకరం ప్రవేశించి, ఏడెనిమిది భాగలు నడచి, వక్రించి, ఆగస్టు మధ్యభాగమున ధనుస్సు చివరి అంచులోనికి జారి, అక్టోబరు నాలుగవ వారమున పునఃప్రవేశం చేస్తాడు. 2044లో వక్రించినా మకరమును విడువడు. ఫిబ్రవరిలో జరిగే ప్రవేశమే ఏకైక ప్రవేశం. అనగా 2032 అక్టోబరులో స్నానమాడినవారికి తరువాతి పుష్కరం పన్నెండేళ్లకు కాక, పదకొండేళ్ల నాలుగు నెలలకే వస్తుంది. ఇది అపూర్వం కాదు. హరిద్వార కుంభమేళా 2010 తరువాత 2021లోనే జరిగినది. అంతకు పూర్వం 1927 తరువాత 1938లో జరిగినది. 1938కి, 2021కి నడుమ ఎనుబది మూడేళ్లు: గురుని ఏడు ప్రదక్షిణల కాలం.

ఇప్పుడు వివాదస్థానం 2032. మొదటి ప్రవేశమును గ్రహించవలెనా, రెండవదానినా? మొదటి పక్షమునకు బలం లేకపోలేదు. ప్రవేశమే నిమిత్తమని శాస్త్రం చెప్పుచుండగా, జరిగిన ప్రవేశమును జరగలేదనుట ఎట్లు? పైగా 2020లో తొలి నివాసం మూడు నెలలే గాని, 2032లో అది ఐదు నెలలు దాటుతుంది. అంతటి నివాసమును క్షణికమని త్రోసివేయుట తేలిక కాదు.

అయినను రెండవ ప్రవేశమే గ్రాహ్యమనుటకు దృఢమైన హేతువున్నది. ఆదిపుష్కరం ఒక నివాసమునకు ద్వారమని పైన చెప్పుకొన్నాము. మార్చిలో ద్వారం తెరచినచో ఆగస్టులో గురువు ఆ గృహమునే విడిచి వెనుకటి రాశికి వెళ్లుతున్నాడు. అప్పుడు రెండు నెలలకు పైగా తుంగభద్ర సాన్నిధ్యం తొలగి, ధనుస్సునకు చెందిన నది మరల పుష్కరవతి కావలెను. అక్టోబరులో తుంగభద్రకు రెండవ ఆదిపుష్కరం కల్పించవలెను. ఈ వికల్పమును ఏ ఆచారమూ అంగీకరించలేదు. 2020 నిర్ణయం ఇట్టి చిక్కును నివారించినది. గోదావరి విషయంలోనూ అదే మార్గం: 2026 అక్టోబరు చివర గురువు సింహం ప్రవేశించి, 2027 జనవరి చివరి వారమున కర్కాటకమునకు మరలుతాడు, ప్రకటిత పుష్కరదినం మాత్రం జూన్ పునఃప్రవేశమే. ఒకే సంప్రదాయంలో గోదావరికి ఒక న్యాయం, తుంగభద్రకు మరొక న్యాయం ఉండరాదు. తొలి నివాసం మూడు నెలలైనా ఐదు నెలలైనా, తిరోగమనం ఉన్నంతవరకు అది స్థిరనివాసం కాదు.

సంవత్సరనామం కూడా ఇక్కడ పరీక్షగా నిలుస్తుంది. 2032 మార్చి ప్రవేశం ఉగాదికి ముందే, విరోధికృత్ నామ సంవత్సరంలో పడుతుంది. అక్టోబరు ప్రవేశం పరీధావిలో. రెండు ప్రవేశములు రెండు పంచాంగములలో ముద్రితమవుతాయి. విరోధికృత్ పంచాంగం కేవలం "గురుని మకరప్రవేశం" అని వ్రాసి ఊరకుండిన యెడల, దానిని చూచిన గృహస్థుడు పుష్కరం వచ్చినదనే భావిస్తాడు. హిందూపురం నుండి వృద్ధులను వెంటబెట్టుకొని, మగ్గం ఆపి ధర్మవరం నుండి కుటుంబంతో బయలుదేరి, తీర్థశ్రాద్ధం పెట్టి వచ్చిన తరువాత "అది పుష్కరం కాదు" అని వినుట ఎంత క్లేశమో వేరుగా చెప్పనక్కరలేదు. అందువలన ఆ సంవత్సర పంచాంగకర్తలు రెండు ప్రవేశములను, వక్రనిర్గమమును, గ్రాహ్యప్రవేశమును దానికి హేతువుతో సహా ఒకే చోట ముద్రించుట ధర్మం. ప్రభుత్వ ప్రకటన ఘట్టముల ఏర్పాటుకు ఉపకరిస్తుంది. కాలనిర్ణయమునకు హేతువు కాజాలదు.

ఒక పరిమితిని కూడా గుర్తుంచుకొనవలెను. 2032 అక్టోబరులో గురువు వక్రత్యాగం చేసి కొద్ది వారములే అవుతుంది గనుక మందగతిలో ఉంటాడు. ఆ స్థితిలో దృగ్గణితమునకు, పూర్వపద్ధతి గణితమునకు ఒక్క భాగ భేదం వచ్చినా ప్రవేశదినములు ఎనిమిది, తొమ్మిది దినములు ఎడమవుతాయి. పన్నెండు దినముల ఉత్సవంలో ఇది స్వల్పం కాదు. కావున ఏ గణితమును అనుసరించే పంచాంగమో ముందుగా తెలిసికొని, కుటుంబ పురోహితుని మతమును దానితో సరిచూచుకొనుట అవసరం.

కాబట్టి తదుపరి పుష్కరమును వెదకువారు గత సంవత్సరమునకు పన్నెండు కూడి ఆగరాదు. ఆ పన్నెండు చూడవలసిన పంచాంగములను మాత్రమే చూపుతుంది. అక్కడ గురుని రాశిప్రవేశం ఎన్నడో చూడవలెను. ప్రవేశించినవాడు వక్రించి మరలుచున్నాడేమో తరువాతి నెలలలో చూడవలెను. మరలినచో, తిరిగి వచ్చి స్థిరపడిన దినమును గ్రహింపవలెను. నదికి యాత్రాదినమును నిర్ణయించునది ఆ స్థిరప్రవేశమే.