రామప్ప గుడికి వంద మీటర్లలో మన ఇల్లు

పాలంపేట రామప్ప గుడికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని కాపాడుకోవాలి, అందులో వాదన లేదు. అయితే గుడి పక్కన బతికే పేదవాడి ఇంటి సంగతి చట్టం ఏమంటుందన్నదే మా ప్రశ్న.

ఇక్కడ అమల్లో ఉన్నది 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం. 2010లో దాన్ని సవరించి, రక్షిత ప్రాంతం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లను నిషేధిత ప్రాంతం చేశారు. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది గుడి గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి. ఈ ఒక్క తేడాతో ఒక ఇల్లు నియంత్రిత ప్రాంతం నుంచి నిషేధిత ప్రాంతంలోకి వచ్చి పడుతుంది. కాబట్టి ముందు చేయాల్సిన పని, హద్దు చూపించే సర్వే పటం నకలు సమాచార హక్కు కింద తీసుకోవడం. నోటిమాటగా చెప్పే దూరాన్ని నమ్మొద్దు.

ఒక ఉదాహరణ చూద్దాం. హద్దుకు 80 మీటర్ల దూరంలో తండ్రి కట్టిన పెంకుటిల్లు ఉందనుకుందాం. అది 1992 జూన్ 16కు ముందే ఉన్నదని చూపగలిగితే మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. చిన్న కొడుక్కి పెళ్లయింది, పక్కన ఒక గది వేసుకుంటానంటే కుదరదు. పక్కకు పెంచినా, పైకి లేపినా చట్టం దృష్టిలో అది కొత్త నిర్మాణమే. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. సొంత జాగా ఉన్నవాళ్లకు ఇందిరమ్మ ఇళ్ల పథకం దశలవారీగా రూ.5 లక్షలు ఇస్తున్నది. ఆ ఆశతో పాత ఇల్లు కూల్చేస్తే, నిషేధిత ప్రాంతంలో దాన్ని తిరిగి కట్టే హక్కు ఉండదు. చట్టం అక్కడ ఒప్పుకునేది మరమ్మతునే, పునర్నిర్మాణాన్ని కాదు. అందుకే అనుమతి కాగితం చేతికి రాకముందు ఒక్క పెంకు కూడా దించొద్దు.

అదే ఇల్లు 100 మీటర్లు దాటి నియంత్రిత ప్రాంతంలో ఉంటే దారి ఉంది. కాంపిటెంట్ అథారిటీకి దరఖాస్తు పెట్టాలి. వాళ్లు 15 రోజుల్లో దాన్ని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో సిఫార్సు చేయాలి, ఆ తర్వాత నెలలో నిర్ణయం చెప్పాలి. మూడున్నర నెలలు ఎక్కువేం కాదు. చిక్కంతా కాగితాల దగ్గరే. నిషేధిత ప్రాంతంలో మరమ్మతుకు చూపాల్సిన 1992కు ముందటి ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, హక్కు పత్రం మన వాడల్లో ఎన్ని ఇళ్లలో దొరుకుతాయి? ఊళ్లో రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఉన్నవాళ్లకు ఇది మామూలు పని. తాత పేరు మీది పట్టా ముక్కతో బతికేవాళ్లకు ఇదే గోడ.

పోనీ అమ్ముకుని వేరేచోటికి పోదామన్నా అందరికీ వీలు కాదు. ఈ చట్టం అమ్మకాన్ని ఆపదు గానీ, ఇల్లు కట్టుకోలేని జాగాకు ధర పలకదు. అది సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమైతే 1977 నాటి చట్టం అమ్మకాన్నే నిషేధిస్తుంది. ఒక చట్టం కట్టొద్దంటే ఇంకొకటి అమ్మొద్దంటుంది. రెండింటి మధ్య ఇరుక్కునేది భూమిలేని పేదలే.

సముద్ర తీరంలో ఇలా లేదు. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, గ్రామీణ తీరాల్లో నిర్మాణాలు నిషేధించిన జోన్‌లో కూడా అలల పోటు గీతకు 100 నుంచి 200 మీటర్ల మధ్య మత్స్యకారుల వంటి సంప్రదాయ తీరవాసులకు ఇళ్లు కట్టుకునే అవకాశం ఇచ్చింది. అక్కడ తరతరాలుగా బతుకుతున్న మనుషులున్నారని ఆ నిబంధన గుర్తించింది. కట్టడాల చట్టంలో అలాంటి గుర్తింపు లేదు. నిషేధిత ప్రాంతంలో హోటల్ కట్టాలనుకునే వ్యాపారికీ, ఒక్క గది అడిగే కూలికీ దాని ముందు తేడా లేదు.

సర్కారు తన అవసరానికి మాత్రం సడలింపు కోరుకుంది. నిషేధిత ప్రాంతంలో ప్రభుత్వ పనులకు వీలిచ్చే సవరణ బిల్లు 2018 జనవరిలో లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపడంతో ఆగిపోయింది. అందులో అక్కడ బతికే పేదల ఇళ్ల ఊసు లేదు.

మేం అడిగేవి రెండే. మత్స్యకారులకు ఇచ్చినట్టే, కట్టడాల పక్కన తరతరాలుగా ఉంటున్న పేదల ఇళ్లకు ఎత్తు, విస్తీర్ణం పరిమితులతో చట్టంలో చోటివ్వాలి. అది కుదరని ఇళ్లకు అదే ఊళ్లో, పట్టాతో, వేరే జాగా చూపాలి. ప్రతి కట్టడానికీ వారసత్వ ఉపనిబంధనలు రాయాలని చట్టమే చెబుతున్నది. వాటి ముసాయిదాను తెలుగులో గ్రామసభ ముందు పెట్టి చదివించుకోవడం, వాడ జనం అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వడం మన చేతిలో ఉన్న పని.