అవ్వను ఆటోలో ఎక్కించుకుని రమ్మనకండి

పొదటూరుపేట ప్రజలకూ, మన ఊరి బ్యాంకు మేనేజర్లకూ విన్నపం

మంచం దిగలేని ముసలివాళ్ళను ఒక్క చెక్కుబుక్కు కోసం కౌంటరు దాకా మోసుకురమ్మనడం ఇకనైనా మానాలి. మేము అడుగుతున్నది కొత్త సదుపాయమేమీ కాదు. చెక్కుబుక్కు ఇవ్వడానికి ఏ ఖాతాదారుడైనా స్వయంగా రావాలని పట్టుబట్టకూడదని రిజర్వు బ్యాంకు 2017 నవంబరు 9న ఇచ్చిన సర్క్యులరులో స్పష్టంగా ఉంది. సేవింగ్స్ ఖాతాకు అడిగితే ఏటా కనీసం 25 చెక్కులు ఉచితంగా ఇవ్వాలని కూడా అందులోనే రాశారు. కౌంటరులో "ఆమెనే పిలుచుకుని రాండి" అని ఎవరైనా అంటే, ఆ తేదీ చెప్పి అడగండి.

అయితే మన వైపు నుంచి కూడా ఒక కాగితం సరిగ్గా వెళ్ళాలి. "మా మనవడిని పంపినాను, ఏమి కావాలో ఇవ్వండి" అని రాసి సంతకం పెడితే ఏ అధికారైనా వెనక్కి పంపుతాడు, పంపాలి కూడా. ఎనభై దాటిన ఒక అవ్వ తుంటి ఎముక విరిగి మంచాన పడిందనుకుందాం. మగ్గం మీద నేసి దాచుకున్న డబ్బు బ్యాంకులో ఉంది, ఆసుపత్రికి 18,000 రూపాయలు కట్టాలి, ఇంట్లో చెక్కుబుక్కు లేదు. ఆమె ఉత్తరం ఇలా ఉండాలి:

"బ్రాంచి మేనేజరు గారికి. నా సేవింగ్స్ ఖాతా నంబరు ఇది. తుంటి ఎముక విరిగి మంచాన ఉన్నందువల్ల బ్యాంకుకు రాలేను. నా పేరున 25 చెక్కుల పుస్తకం ఒకటి నా మనవడు ఫలానా చేతికి ఇవ్వగలరు. అతని సంతకం ఈ కింద ఉంది, అది అతనిదేనని ధ్రువీకరిస్తున్నాను. ఈ ఉత్తరం ఈ ఒక్క పనికే, ఫలానా తేదీ వరకే చెల్లుతుంది."

కింద అవ్వ సంతకం, తేదీ. మనవడి సంతకం పక్కన మళ్ళీ అవ్వ సంతకం. ఉత్తరంతో పాటు అసలు పాస్‌బుక్కు, మనవడి గుర్తింపు కార్డు, అవ్వ గుర్తింపు కార్డు జిరాక్సు పోవాలి. ఆ జిరాక్సు మీద అడ్డంగా "చెక్కుబుక్కు తీసుకోవడానికి మాత్రమే" అని రాసి తేదీ వేయండి, లేకుంటే అదే కాగితం ఇంకెక్కడికో ప్రయాణం చేస్తుంది. ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. పుస్తకం చేతికి రాగానే అక్కడే చెక్కులు లెక్కపెట్టి, మొదటి నంబరూ చివరి నంబరూ ఆ ప్రతి మీద రాసుకోండి.

ఇక నగదు సంగతి. చాలామంది ఇదే ఉత్తరాన్ని విత్‌డ్రాయల్ ఫారానికి గుండుసూదితో గుచ్చి పంపుతారు, అక్కడే చిక్కు వస్తుంది. ఆ ఫారం పాస్‌బుక్కుతో వచ్చిన ఖాతాదారు కోసం పెట్టినది. అది చెక్కు కాదు, ఇంకొకరి చేతికి ఇస్తే చెల్లే కాగితమూ కాదు. చెక్కు సంగతి వేరు. తేదీ, మనవడి పేరు, 18,000 అని అంకెల్లో, అక్షరాల్లో చివర "మాత్రమే" అని రాసి, ఖాళీ మిగిలిన చోట గీత కొట్టి అవ్వ సంతకం పెడితే చాలు. పైన రెండు అడ్డగీతలు గీయకూడదు, "బేరర్" అన్న మాట కొట్టేయకూడదు. వెనుక మనవడు సంతకం చేసి తన గుర్తింపు కార్డు చూపి డబ్బు తీసుకుంటాడు. చెక్కు రాసిన తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది. అందుకే మా మాట ఒక్కటే: అధికార ఉత్తరాన్ని చెక్కుబుక్కు తెచ్చుకోవడానికి వాడండి, డబ్బుకు చెక్కు వాడండి. చెక్కు మీద మొత్తం రాసి ఉంటుంది కాబట్టి తెచ్చేవాడు దాన్ని పెంచలేడు. ఖాళీ ఫారం మీదో ఖాళీ చెక్కు మీదో సంతకం పెట్టి దిండు కింద దాచి ఉంచే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. అది ఖాతాను తెరిచి పెట్టి పోవడమే.

"ఎందుకింత గోల, ఏటీఎం కార్డు, నంబరు చేతికిస్తే పోలా?" అనేవాళ్ళకు బెంగళూరు కథ చెప్పాలి. 2013 నవంబరులో ప్రసవ సెలవులో ఉన్న ఒక తల్లి కార్డు, పిన్ భర్తకిచ్చి 25,000 తెమ్మంది. యంత్రం చీటీ ఇచ్చింది కానీ డబ్బు ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి పోరాడితే వినియోగదారుల ఫోరం 2018లో బ్యాంకు పక్షమే తీర్పు చెప్పింది. పిన్ ఇంకొకరికి చెప్పడం తప్పనీ, సెల్ఫ్ చెక్కో అధికార ఉత్తరమో ఇచ్చి పంపి ఉండాల్సిందనీ అంది. కట్టుకున్న భర్తకే ఆ గతి పడితే, మనవడికిచ్చిన కార్డుకు ఏ దిక్కు?

బ్యాంకు గుమాస్తాను మాత్రమే తిట్టడం న్యాయం కాదు. సంతకం దొంగదైతే ఆ చెక్కు ఖాతాదారు ఆజ్ఞే కాదనీ, నష్టం బ్యాంకుదేననీ సుప్రీంకోర్టు 1987లో కెనరా బ్యాంకు కేసులో చెప్పింది. ముసలి చేయి వణికి సంతకం పాస్‌బుక్కు నాటి నమూనాకు దూరమైతే అతను భయపడతాడు. ఆ భయానికి మందు కూడా రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. సంతకం పెట్టలేనివాళ్ళు చెక్కు మీదో విత్‌డ్రాయల్ ఫారం మీదో వేలిముద్రో కాలి బొటనవేలి ముద్రో వేయవచ్చు, అదీ కుదరకపోతే ఒక గుర్తు పెట్టవచ్చు. దాన్ని ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వాళ్ళలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి. డబ్బు ఎవరు తీసుకుంటారో ఖాతాదారే చెప్పాలి, ఆ మనిషినీ ఇద్దరు సాక్షులు గుర్తించాలి. అంటే విత్‌డ్రాయల్ ఫారం కూడా ఈ దారిలో చెల్లుతుంది, కానీ అధికారి మంచం దగ్గరికి రావాలి. డెబ్బై దాటినవాళ్ళకూ, వైద్యుడు ధ్రువీకరించిన రోగులకూ, వికలాంగులకూ ఇంటికే నగదు తెచ్చివ్వాలని 2017 సర్క్యులరు కూడా బ్యాంకులకు చెప్పింది.

కాబట్టి మన ఊరి బ్రాంచీలను మేము అడిగేది ఇది. వారంలో ఒక మధ్యాహ్నం ఒక అధికారి ఇళ్ళకు వెళ్ళే వేళగా ప్రకటించండి. పై ఉత్తరం నమూనా అచ్చు వేసి నోటీసు బోర్డు మీద పెట్టండి, తమిళంతో పాటు తెలుగులో కూడా. తెలుగు ఎందుకంటే, ఈ సీమ 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇప్పుడు ఎనభై దగ్గర పడినవాళ్ళు బడిలో పలక పట్టింది అంతకు ముందే. వాళ్ళలో చాలామందికి చదవను వచ్చింది తెలుగే, ఈ ఉత్తరం ఎక్కువగా కావలసిందీ వాళ్ళకే. తాను చదవలేని కాగితం మీద అవ్వ సంతకం పెట్టిందంటే, అందులో ఏముందో ఆమెకు తెలియదు, రేపు తగవు వస్తే ఆ సంతకానికి బలమూ ఉండదు.

ఇళ్ళవాళ్ళకు ఒక హెచ్చరిక. ఉత్తరం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను చెప్పేది ఇదే. కర్మకాండ ఖర్చులకని పాత తేదీ వేసి చెక్కు రాసి తేవడం మోసం కిందికి వస్తుంది. చనిపోయిన తరువాత డబ్బుకు వెళ్ళాల్సింది నామినీ, మరణ ధ్రువపత్రంతో. నామినీ పేరు లేకుంటే ఈ వారమే రాయించండి.

అన్నీ సరిగ్గా పెట్టినా బ్రాంచి కాదంటే, కారణం కాగితం మీద రాసివ్వమనండి. ఫిర్యాదు రాసిచ్చి ప్రతి మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పంపవచ్చు, దానికి రుసుము లేదు. ఎలా పంపాలో 14448కి ఫోను చేసి అడగవచ్చు.