కార్డు చేతులు మారేముందు ఫుల్ ఫార్మాట్ చేయండి

రెజిమెంటల్ బజార్‌లో ఫోటో స్టూడియోలు నడిపేవారికి, పాత కెమెరాలు కొని అమ్మేవారికి, ఇరుగుపొరుగు అందరికీ మనవి. మెమరీ కార్డును అమ్మేముందు, ఎవరికైనా ఇచ్చేముందు క్విక్ ఫార్మాట్‌తో సరిపెట్టకండి. క్విక్ ఫార్మాట్ చెరిపేది ఫోటోలను కాదు, ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రమే. పెళ్లి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు, పక్కన పెట్టి తీసిన ఆధార్ కార్డు అన్నీ చిప్‌లో ఉన్నచోటే ఉంటాయి. కొత్త ఫోటోలు వాటి మీద పడేదాకా అవి పోవు. ప్రతి జేపెగ్ ఫోటో FF D8 FF అనే గుర్తులతో మొదలవుతుంది. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం పట్టికతో పనిలేకుండా, కార్డంతా గాలించి ఆ గుర్తులున్న చోటు నుంచి ఫోటోను బయటికి లాగుతుంది. 2018లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం వారు వాడేసిన 100 కార్డులు కొని పరీక్షిస్తే, సరిగా తుడిచినవి 25 మాత్రమే. ఫార్మాట్ చేసినట్టు కనిపించిన మరో 29 కార్డుల్లోంచి పాత సమాచారం తేలిగ్గానే తిరిగొచ్చింది.

ఫుల్ ఫార్మాట్ కార్డు పొడవునా కొత్తగా రాస్తుంది కాబట్టి టైం పడుతుంది. సెకనుకు 20 ఎంబీ రాసే 32 జీబీ కార్డుకు దాదాపు 27 నిమిషాలు. గిరాకీ ఉన్న వేళ అంతసేపు ఎక్కడ కూర్చుంటాం అంటారు. కూర్చోనక్కర్లేదు. SD Memory Card Formatter తెరిచి Overwrite format ఎంచుకుని నొక్కితే, అది దాని పని చేసుకుంటుంది, మీరు మీ పని చూసుకోవచ్చు. కార్డు అరిగిపోతుందన్న భయమూ ఉంది. ఒకసారి ఫుల్ ఫార్మాట్ చేయడమంటే కార్డును ఒకసారి ఫోటోలతో నింపడమంతే. అలా ఎన్నోసార్లు నిండేందుకే కార్డులు తయారవుతాయి. మీ చేతిలోనే ఉండి, రేపటి ఫంక్షన్‌కు మళ్లీ వాడుకునే కార్డుకైతే కెమెరాలో చేసే మామూలు ఫార్మాట్ చాలు. పైగా పొరపాటున ఫార్మాట్ కొట్టినా, మరో ఫోటో తీయకుండా వెంటనే ఆపితే పాతవి దక్కే అవకాశం ఎక్కువ.

తుడిచాక ఫోటోరెక్ నడిపి చూడండి. ఒక్క ఫోటో కూడా దొరక్కపోతే పని అయినట్టే. కార్డు తనకోసం దాచుకున్న అదనపు బ్లాకుల దాకా ఫుల్ ఫార్మాట్ చేరకపోవచ్చు. మామూలు ప్రోగ్రాములకూ అవి అందవు. అయినా బయటపడితే ప్రాణం మీదికొచ్చే ఫోటోలున్న కార్డును అమ్మొద్దు, లోపలి చిప్ ముక్కలయ్యేలా విరగ్గొట్టండి. ఇక దుకాణదారులు చేయాల్సింది ఒకటే: పాత కెమెరా కౌంటరు మీదికి రాగానే కార్డు తీసి అమ్మేవారి చేతికివ్వండి, లేదా వారి కళ్లముందే ఫుల్ ఫార్మాట్ మొదలుపెట్టండి.