కమ్మీ ఎత్తు కొలిచి కేసుల లెక్క చెప్పేటప్పుడు "సుమారు" ఎందుకు రాయాలి



మన గ్రూపుల్లో తిరిగే బొమ్మల్లో బార్ చార్టుది పెద్దపీట. స్కూలు లెక్కల పుస్తకంలో దాన్నే కమ్మీ రేఖాచిత్రం అన్నారు. ఎస్సీల మీద నేరాలు, ఖాళీగా ఉన్న రిజర్వుడు పోస్టులు, ఖర్చు కాని సబ్‌ప్లాన్ నిధులు, అన్నీ కమ్మీలుగా వస్తాయి. అంకెలు మాత్రం చాలాసార్లు ఉండవు. ఎవరో ఒకరు కమ్మీ ఎత్తు చూసి ఒక సంఖ్య రాస్తారు. అది కరపత్రంలోకి, అక్కడి నుంచి వినతిపత్రంలోకి పోతుంది. అధికారి తన ఫైలు తెరిచి "మీ అంకె తప్పు" అంటాడు. దాంతో ఆ రోజు చర్చ అంకె మీదే ముగుస్తుంది, అసలు విషయం దాకా రాదు.

ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బొమ్మలో నుంచి అంకె తీయొచ్చు, కొన్నిసార్లు తీయక తప్పదు కూడా. కానీ "సుమారు" అనే మాట, ఎంత అటూ ఇటూ కావచ్చన్న హద్దు, ఈ రెండూ లేకుండా రాసిన అంకె మన చేతిలో ఆయుధం కాదు, ఎదుటివాడి చేతిలో ఆయుధం.

తీయక తప్పని చోట్లున్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995 ప్రకారం ప్రతి జిల్లాలోనూ నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. అలాంటి సమావేశాల్లో తెర మీద చార్టు చూపిస్తారు. కాగితం ఇవ్వరు. మనవాళ్లు ఫోన్‌తో ఫొటో తీసుకుంటారు. ఇక ఉన్న ఆధారం ఆ ఫొటోయే.

పద్ధతి చెప్పడానికి, మీరే సరిచూసుకోగలిగిన ఉదాహరణ తీసుకుంటాను. జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, ఎస్సీల మీద నేరాల కింద దేశమంతటా నమోదైన కేసులను ఏటా ప్రకటిస్తుంది. 2018 నుంచి 2022 దాకా ఆ లెక్కలతో అంకెలు లేని ఒక బార్ చార్టు గీయించాను. దాన్ని వాట్సాప్‌లో పంపించుకుని, వచ్చిన బొమ్మను కొలిచాను. అసలు పట్టిక పక్కన పెట్టుకుని, కొలత ఎంతవరకు నిలబడిందో చివర చూద్దాం.

మొదట చూడాల్సింది కమ్మీలను కాదు, ఎడమవైపు నిలువు గీతను. అది ఎక్కడ మొదలవుతుంది? ఈ చార్టులో సున్నా దగ్గర కాదు, 40,000 దగ్గర. ఐదేసి వేలకు ఒక అడ్డగీత, పైన 60,000. ఇది చూడకుండా కమ్మీలు చూస్తే 2022 కమ్మీ 2018 కమ్మీకి ఆరు రెట్లకు పైగా ఎత్తు కనిపిస్తుంది. "నాలుగేళ్లలో దాడులు ఆరు రెట్లు" అని పోస్టు పెట్టడానికి అదే చాలు. నిజంగా పెరిగింది మూడో వంతుకు కాస్త పైన. ఆ పెరుగుదలే ఘోరం. దానికి అబద్ధపు ఎత్తు అక్కర్లేదు.

తరువాత కొలత. బొమ్మను కంప్యూటర్‌లో పెయింట్‌లో తెరిస్తే, మౌస్ ఎక్కడుంటే అక్కడి పిక్సెల్ స్థానం కింద మూలలో రెండు సంఖ్యలుగా కనిపిస్తుంది. రెండోది పై అంచు నుంచి కిందికి ఎంత దూరమో చెబుతుంది. 40,000 అడ్డగీత 520 దగ్గర, 60,000 అడ్డగీత 120 దగ్గర ఉన్నాయి. మధ్య దూరం 400 పిక్సెళ్లు, అందులో 20,000 కేసులు. అంటే ఒక్క పిక్సెల్‌కు 50 కేసులు. కమ్మీ పై అంచు స్థానాన్ని y అనుకుంటే లెక్క ఇది:

```
40000 + (520 - y) × 50
```

కమ్మీల జోలికి పోకముందు ఒక తనిఖీ చేయాలి. 50,000 అడ్డగీత సరిగ్గా మధ్యలో, 320 దగ్గర ఉండాలి. ఉంది. అంటే బొమ్మ సాగలేదు, కుంగలేదు, గీతల మధ్య దూరం సమానంగానే ఉంది. ఈ తనిఖీ తప్పితే సూత్రం పనికిరాదు.

ఇప్పుడు కమ్మీలు. 2018 పై అంచు 464, 2019ది 400, 2020ది 314, 2021ది 304, 2022ది 168. 2018కి సూత్రం వేస్తే 520లో 464 పోగా 56, యాభైతో హెచ్చిస్తే 2,800, దానికి 40,000 కలిపితే 42,800. మిగతావీ అంతే. ఈ పని చేసిపెట్టే WebPlotDigitizer అనే ఉచిత సాధనం ఉంది. అయితే అందులోనూ గీతల మీద, అంచుల మీద గుర్తులు సరిగ్గా పడ్డాయో లేదో మనమే చూసుకోవాలి.

ఇక అసలు మాట, ఈ 42,800ను ఎంత నమ్మాలి? వాట్సాప్ బొమ్మను కుదిస్తుంది కాబట్టి కమ్మీ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. కమ్మీ రంగు, వెనకాల తెలుపు కలిసిన మసక పట్టీ ఒకటి ఉంటుంది. దానిలో అంచు ఎక్కడో కచ్చితంగా చెప్పలేం. ఒక్కో కమ్మీని మూడేసి సార్లు కొలిచాను, రీడింగులు రెండు పిక్సెళ్లు అటూ ఇటూ ఊగాయి. అడ్డగీతకూ మందం ఉంది, అక్కడ ఇంకో పిక్సెల్. మొత్తం మూడు పిక్సెళ్లు, అంటే 150 కేసులు. కాబట్టి పట్టిక ఇలా ఉండాలి:

శీర్షిక: ఎస్సీల మీద నేరాలు, నమోదైన కేసులు, భారతదేశం. చార్టు బొమ్మ నుంచి కొలిచిన సుమారు విలువలు. కొలతలో తేడా 150 వరకు ఎక్కువ గాని తక్కువ గాని ఉండవచ్చు.

2018: 42,800 ± 150
2019: 46,000 ± 150
2020: 50,300 ± 150
2021: 50,800 ± 150
2022: 57,600 ± 150

ఎన్‌సీఆర్‌బీ అసలు లెక్కలు వరుసగా 42,793, 45,961, 50,291, 50,900, 57,582. ఐదూ మన హద్దులోనే ఉన్నాయి. ఎక్కువ తప్పింది 2021, నూరు తేడా.

ఇంకో సంగతి గమనించండి. 2019 సంవత్సరానికి మొదట వచ్చిన నివేదికలో సంఖ్య 45,935. తరువాతి ఏడాది నివేదికలో అదే 45,961 అయింది. చార్టు గీసినవాళ్లు ఏ నివేదిక వాడారో బొమ్మను కొలిచి చెప్పగలమా? చెప్పలేం. ఆ తేడా 26, మన ఒక్క పిక్సెలే 50. బొమ్మలో లేనిదాన్ని బొమ్మ నుంచి తీయలేం. కమ్మీ చూసి "45,961" అని రాసినవాడు కొలిచి రాయలేదని ఆ చివరి రెండు అంకెలే పట్టిస్తాయి.

హద్దు ఎందుకు రాయాలో 2020, 2021 పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కొలతలో తేడా 500. రెండు కమ్మీలకూ అడ్డగీతలు ఒకటే కాబట్టి గీతల వల్ల వచ్చే తప్పు తేడాలో దాదాపు పోతుంది. మిగిలేది రెండు అంచుల తప్పు, రెండూ రెండూ నాలుగు పిక్సెళ్లు, 200 కేసులు. అంటే పెరిగింది 300 నుంచి 700 మధ్య. "పెరిగింది" అని ధైర్యంగా రాయొచ్చు. "ఒక శాతం పెరిగింది" అని రాయకూడదు, ఎందుకంటే అది 0.6 శాతం కావచ్చు, 1.4 శాతం కావచ్చు.

అదే బొమ్మ నాలుగో వంతుకు కుదించి వచ్చిందనుకోండి. అప్పుడు ఒక్క పిక్సెల్‌కు 200 కేసులు. నాలుగు పిక్సెళ్ల తప్పు 800 అవుతుంది, మనం వెతుకుతున్న 500ను మింగేస్తుంది. ఆ బొమ్మ చేతిలో పెట్టుకుని 2021లో పెరిగిందని గానీ తగ్గిందని గానీ అనలేం. "ఈ బొమ్మ నుంచి తేల్చలేం" అనడమే నిజాయితీ. 2018కీ 2022కీ మధ్య తేడా సుమారు 14,800 కనుక అది ఆ చిన్న బొమ్మలోనూ చెక్కుచెదరదు. ఏ వాదన ఏ బొమ్మ మీద నిలబడుతుందో చెప్పేది ఈ హద్దే.

సమావేశంలో తీసిన ఫొటోల సంగతి వేరే చెప్పాలి. పక్క కుర్చీలోంచి తీస్తే తెర వాలుతుంది. ఎడమ చివర అడ్డగీతల మధ్య దూరం ఒకటి, కుడి చివర ఇంకొకటి. అప్పుడు ఒకే సూత్రం అన్ని కమ్మీలకూ చెల్లదు. ప్రతి కమ్మీని దాని పక్కనే ఉన్న అడ్డగీతలతో కొలవాలి, హద్దును పెంచి రాయాలి. అడ్డగీతలే లేకపోతే పెద్దదీ చిన్నదీ చెప్పి ఆగాలి, అంకె రాయకూడదు. కమ్మీ మీద అంకె ముద్రించి ఉంటే అదే తీసుకోవాలి. ఆ అంకెకూ ఎత్తుకూ పొంతన లేకపోతే రెండూ రాసి, పొంతన లేదని కూడా రాయాలి.

"± పెడితే మన వాదన పలచబడదా?" అని అడిగే మిత్రులున్నారు. నేను సాహిత్య విద్యార్థిని. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించేవాళ్లు పురుగు కొట్టిన చోట తోచిన అక్షరం పెట్టి ఊరుకోరు. అక్కడ అక్షరం పోయిందని గుర్తు పెడతారు, ఊహించినదైతే ఊహ అని చెబుతారు. అందువల్ల ఆ పుస్తకం విలువ తగ్గదు, మిగిలిన అక్షరాలను నమ్మడానికి ఆధారం దొరుకుతుంది. "57,600, నూటయాభై అటూ ఇటూ, బొమ్మ నుంచి కొలిచింది" అని రాసినప్పుడు అధికారి ఫైలులో 57,582 కనిపిస్తే అది మనల్ని బలపరుస్తుంది. "57,634" అని రాసి ఉంటే అదే ఫైలు మనల్ని అబద్ధాలకోరుల్ని చేస్తుంది.

చివరిగా ఒక్క హెచ్చరిక. ఈ ± కొలతకు సంబంధించినది మాత్రమే. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకుండా వెనక్కి పంపిన ఊళ్లు, రాజీ పేరుతో నమోదు కాకుండా పోయిన కేసులు ఏ కమ్మీలోనూ లేవు, 150లోనూ లేవు. అందుకే శీర్షికలో "జరిగిన నేరాలు" అనకుండా "నమోదైన కేసులు" అన్నాను. పిక్సెళ్లతో కొలవగలిగిన అనుమానం చిన్నది. కొలవలేనిది పెద్దది. రెంటినీ కలిపేసి ఒక్క ± కింద దాచొద్దు.

జై భీమ్.