ఒక వీడియోకు ఒకే సందేహం

‘మన నూనె ఎంత ప్యూరో జనానికి తెలియాలి. కాస్త ప్రీమియంగా, క్యాచీగా ఉండాలి. మూడు వేరియంట్లు ఇవ్వు. శుక్రవారానికి కావాలి.’

హైదరాబాద్‌లో గానుగ నూనె ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన తన వీడియో ఎడిటర్‌కు వాట్సాప్‌లో పంపిన బ్రీఫ్ ఇది. అంతే, ఇంకేం లేదు. శుక్రవారానికి మూడు వీడియోలు వచ్చాయి. మొదటిదాంట్లో గానుగ తిరుగుతుంటే వెనక వీణ. రెండోదాంట్లో పులిహోర తాలింపు, మాస్ బీటు, పైన మూలన వంద రూపాయల తగ్గింపు స్టిక్కరు. మూడోదాంట్లో ఒకమ్మాయి కెమెరా వంక చూస్తూ మాట్లాడుతుంది. మొదటి రెండూ పావు నిమిషం, ఇది దానికి రెట్టింపు పైనే. మూడూ చూడ్డానికి బాగున్నాయి. ఆర్డర్లు ఎక్కువ తెచ్చింది మాత్రం రెండోది. ‘మనవాళ్లకు తాలింపు చూపిస్తే చాలండీ’ అని ఆయన తేల్చేశాడు. మర్నెల అన్నీ తాలింపు వీడియోలే చేయించాడు. ఒక్కటీ ఆడలేదు.

గెలిచింది తాలింపా, బీటా, స్టిక్కరా? నా అనుమానం స్టిక్కరు మీదే. కానీ అదీ అనుమానమే, ఎందుకంటే ఆ మూడు వీడియోలను ఎంత తిరగేసినా జవాబు దొరకదు. ఒకదానికీ ఇంకోదానికీ నాలుగైదు తేడాలున్నాయి. డబ్బు ఖర్చయింది, ఆర్డర్లూ కొన్ని వచ్చాయి, తెలిసింది మాత్రం ఏమీ లేదు.

ఇందులో ఎడిటర్ తప్పు రవ్వంత కూడా లేదు. మూడు కావాలంటే మూడింటినీ వీలైనంత వేరుగా చేయడమే అతని పనితనం. అసలు ఇలాంటి పరీక్షల్ని పాడుచేసేది చేతకాని ఎడిటర్ కాదు, మంచి ఎడిటరే. ‘అన్నా, రెండో దాంట్ల మ్యూజిక్ జర డల్‌గ ఉండె, మార్చిన. మంచిగొచ్చింది చూడు’ అంటాడు. నిజంగానే మంచిగొస్తుంది. దాంతోపాటు పోలిక పోతుంది. అందుకే బ్రీఫ్‌లో ఏం మార్చాలో రాయడం కన్నా ఏం మార్చకూడదో రాయడమే ముఖ్యమని నేనంటాను.

అయితే ముందు ఐడియా ఎక్కడిదో చూడాలి. ‘ప్యూర్’ అనేది ఐడియా కాదు, అమ్మేవాడి మురిపెం. పరీక్షకు పనికొచ్చే ఐడియా కొనేవాళ్ల సందేహంలోంచి వస్తుంది. కొత్త బ్రీఫ్ రాసే ముందు మేం యజమానితో కలిసి ఆ దుకాణం వాట్సాప్‌కు వచ్చిన ప్రశ్నలు, యాడ్‌ల కింద జనం పెట్టిన కామెంట్లు ముందేసుకుని కూర్చున్నాం. ఎక్కువగా కనిపించినవి రెండే. ఒకటి, ‘ఇంత రేటా?’. రెండోది, ‘నిజంగా గానుగదేనా, కలిపి అమ్ముతున్నారా?’. ఈ రెండూ వేరువేరు మనుషుల వేరువేరు భయాలు. రేటు అడిగేవాళ్లకు స్వచ్ఛత గురించి ఎంత చెప్పినా రేటు తగ్గదు. కల్తీ అనుమానం ఉన్నవాళ్లకు రేటు సమర్థించుకుంటే అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. రెండింటికీ ఒకే వీడియోలో జవాబు చెబుదామని యజమాని పట్టుబట్టాడు. వద్దన్నాం. ఒక వీడియోకు ఒకే సందేహం, దానికి ఒకే జవాబు, ఆ జవాబుకు తెర మీద కనబడే ఒకే రుజువు.

రేటు సందేహానికి రుజువు గానుగలోనే ఉంది. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పల్లీలు పడతాయి. ఆ మాట నోటితో చెప్పిస్తే ఎవరూ వినరు. అందుకని బ్రీఫ్‌లో ఇలా రాశాం: ‘కాటా మీద ఖాళీ గిన్నె. అందులో పల్లీలు పోస్తుంటే అంకె పెరుగుతూ 2.5 కిలోల దగ్గర ఆగాలి. అదే ఫ్రేములో పక్కన లీటరు సీసా పెట్టాలి. అక్షరాలు: ఇన్ని పల్లీలు పిండితే ఒక్క లీటరు.’

రెండో సందేహం దగ్గర ఒక చిక్కు వచ్చింది. గానుగ నుంచి కారే నూనెను నేరుగా సీసాలో పట్టి, మూత బిగించి, తేదీ వేసే షాట్ ముందు అనుకున్నాం. అది విని గానుగ నడిపే పెద్దాయన నవ్వాడు. ‘మడ్డి దిగకుండా సీసాలో ఎట్ల పోస్తరు బిడ్డా?’ అన్నాడు. పిండిన నూనెను ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచి, తేరుకున్నాకే పడతారు. నమ్మకం కోసం తీసే వీడియోలో అబద్ధం షాట్ పెట్టబోయాం! బ్రీఫ్ మార్చాం. ‘కెమెరా గానుగ దగ్గర మొదలై, ఇవాళ్టి తేదీ సుద్దతో రాసిన డ్రమ్ము మీదుగా, రెండు రోజుల కిందటి తేదీ ఉన్న డ్రమ్ము దాకా వెళ్లి, అదే తేదీ ఉన్న సీసా దగ్గర ఆగాలి. మధ్యలో కట్ ఉండకూడదు.’ కట్ వద్దన్నది సోకు కోసం కాదు. కట్ పడిన చోటే చూసేవాళ్లకు ‘ఇక్కడేదో మార్చారు’ అనిపిస్తుంది, అక్కడితో రుజువు చచ్చిపోతుంది. సరుకు తయారుచేసే మనిషికి చూపించకుండా ఏ బ్రీఫూ ఎడిటర్‌కు పంపకూడదని నా పట్టుదల.

ఇక బ్రీఫ్‌లో మార్చొద్దని తాళం వేసిన భాగం. రెండు వీడియోలూ 20 సెకన్లే. మొదటి 8 సెకన్లు మాత్రమే వేరు. మిగతా 12 సెకన్లు ఒకే ఫైలు కాపీ. గొంతు, సంగీతం, అక్షరాల రంగు, చివరి కార్డు, నొక్కితే తెరుచుకునే పేజీ, యాడ్ పైన రాసే వాక్యం, అన్నీ ఒకటే. తగ్గింపు ఎందులోనూ లేదు. ‘ఈ జాబితాలో ఏదైనా మార్చాలనిపిస్తే రెండింట్లోనూ మార్చు, లేదా అడుగు’ అని ఒక వాక్యం. మొదటి 8 సెకన్లలో మాత్రం రుజువు బాగా కనబడేలా లైటింగు, కోణం, వేగం ఎడిటర్ ఇష్టం.

ఇక్కడ కొందరు అతిగా పోతారు. ఒక్కటే తేడా ఉండాలన్నారు కదా అని ఒకే వీడియోను బటన్ రంగు మార్చి రెండుగా పరీక్షిస్తారు. చిన్న వ్యాపారానికి అది దండగ. అంత చిన్న తేడా కనబడాలంటే వేలల్లో ఆర్డర్లు కావాలి. మా రెండు వీడియోల్లో మొదటి 8 సెకన్ల దృశ్యం వేరు, అక్షరాలు వేరు, కెమెరా కదలిక కూడా వేరు. కానీ అవన్నీ ఒకే ఐడియా కోసం మారినవి. ఐడియాను మోసే ముక్కలు ఎన్నైనా మారొచ్చు, దాంతో సంబంధం లేనిది ఒక్కటీ మారకూడదు.

డిజైనర్‌కు రాసే భాగంలో తెలుగుకు ప్రత్యేకమైన గోలలున్నాయి. రీల్స్ కోసం 1080×1920 సైజులో చేసేటప్పుడు పైన 14 శాతం, కింద 35 శాతం జాగాలో అక్షరాలు పెట్టొద్దని మెటా సలహా. అక్కడ ఖాతా పేరు, వివరణ, బటన్లు వచ్చి కూర్చుంటాయి. ‘ఒక్క లీటరు’ అన్న మాట బటన్ వెనక దాక్కుంటే ఓడింది ఐడియా కాదు, అక్షరాలు పెట్టిన చోటు. పైగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే తెలుగు వత్తులు విడిపోతాయి. అందుకే వాక్యాన్ని టైపు చేసి పంపుతూ, ఫోన్‌లో అది సరిగా కనిపిస్తున్న స్క్రీన్‌షాట్ కూడా జత చేస్తాం. తెలుగు రాని డిజైనర్ కూడా రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోగలడు. ‘వద్దు’ల కింద ఇంకొకటి కూడా ఉంది. కొలెస్ట్రాల్‌తో పోరాడుతుందనే తరహా మాటలు నూనె సీసాల మీద ఉండకూడదని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. యాడ్‌లోకీ ఆ మాటలు రానివ్వం.

బ్రీఫ్ చివర, వీడియో తయారు కాకముందే, ఏ అంకె చూసి గెలుపు ప్రకటిస్తామో రాసిపెట్టాలి. మాది ఆర్డర్ల సంఖ్య. మొదటి 3 సెకన్లు ఎంతమంది చూశారన్నది కూడా చూస్తాం, కానీ తీర్పు దాంతో కాదు. జనం ఆగి చూసి కొనకుండా పోతున్నారంటే సందేహం సరిగ్గానే పట్టుకున్నాం, రుజువు చాలలేదని అర్థం. అప్పుడు కొత్త ఐడియా కాదు, కొత్త రుజువు కావాలి.

మరి ఎన్ని వేరియంట్లు చేయాలి? అది బడ్జెట్టే చెబుతుంది. మెటాలో ఒక యాడ్ సెట్ లెర్నింగ్ ఫేజ్ దాటాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు రావాలి. ఒక్కో ఆర్డరుకు యాడ్ ఖర్చు 250 రూపాయలనుకుందాం. రెండు వీడియోలకు వంద ఆర్డర్లు, అంటే 25 వేలు. అయిదు వీడియోలైతే 62,500. చేతిలో 30 వేలున్నవాడు అయిదు వేరియంట్లు అడగడంలో అర్థం లేదు. రెండింటినీ ఒకే యాడ్ సెట్‌లో పడేసినా లాభం లేదు. సిస్టమ్ తొందరగా ఒకదాన్ని ఎంచుకుని డబ్బంతా దాని మీద పోస్తుంది, రెండోదాని మొహం జనం చూడరు. ఏ/బీ టెస్ట్‌గా పెడితే ప్రేక్షకుల్ని రెండుగా విడదీసి, ఒక మనిషికి ఒకటే చూపిస్తుంది.

ఫలితం వచ్చాక ఒక మోటు లెక్క. రెంటికీ ఒకే ఖర్చు పెట్టినప్పుడు, ఒకటి 12 ఆర్డర్లు, రెండోది 9 తెచ్చిందనుకోండి. రెండూ కలిపితే 21, దాని వర్గమూలం నాలుగున్నర పైన. తేడా మూడే, అంటే అది గాలివాటం. తేడా వర్గమూలానికి రెండింతలు దాటితేనే నమ్ముతాను. 61కి 38 వస్తే మొత్తం 99, వర్గమూలం దాదాపు 10, తేడా 23. అప్పుడు నమ్మొచ్చు. రెండూ దగ్గర దగ్గరగా వస్తే ‘తేడా లేదు’ అని రాసుకుని మూడో సందేహానికి వెళ్లాలి. అలా రాసుకోవడం యజమానులకు మహా కష్టం, 12కి 9 వచ్చిన రోజే స్వీట్లు పంచుతారు.

రాసుకోవడం అంటే ఫైలు పేరు దగ్గర్నుంచే. `VN_T1_RATE_9x16_v1.mp4`, `VN_T1_NAMMAKAM_9x16_v1.mp4`. పేరులోనే ఏ పరీక్షో, ఏ ఐడియానో ఉంటే ఆరు నెలల తర్వాత ‘ఫైనల్ ఫైనల్ 2’ తెరిచి తల గోక్కోనక్కర్లేదు. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ 1923లో రాసిన పుస్తకంలో సమర్థించిన పద్ధతీ ఇదే. యాడ్‌లో కూపన్‌కు ఒక గుర్తు వేసేవారు, తిరిగొచ్చిన కూపన్ ఏ యాడ్‌దో ఆ గుర్తే చెప్పేది.

ఈ కొత్త బ్రీఫ్ పేజీన్నర వచ్చింది. చూసి ఎడిటర్ మొదట మూతి ముడిచాడు. షూటింగ్ ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు. ‘అన్నా, కాటా దగ్గర పల్లీలు పోసే చేతులు అమ్మవి, డ్రమ్ము దగ్గర సీసా పట్టేటివి తాతవి అని రాసుకున్న. అట్ల పెడితే అది ఇంకో తేడా అయితది గదా?’ అన్నాడు. అవుతుంది. రెండింట్లోనూ అమ్మ చేతులే పెట్టమన్నాం.