ఫోన్ దాటని మాట, దాటే లెక్క

‘మీరు టైప్ చేసింది మీ ఫోన్ దాటి పోదు’ అని కీబోర్డు కంపెనీలు చెప్పేది అబద్ధం కాదు. అయితే ఆ ఒక్క మాటకే గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చంటే నేను ఒప్పుకోను.

గూగుల్ వారి జీబోర్డునే తీసుకోండి. తర్వాతి పదాన్ని ఊహించే మోడల్, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి వైఫై మీద ఖాళీగా ఉన్న వేళ ఫోన్‌లోకి దిగుతుంది. మనం రాసిన వాక్యాలతో అక్కడే కాస్త నేర్చుకుంటుంది. సర్వర్‌కు వెళ్లేది వాక్యాలు కావు. మోడల్‌లోని అంకెలు ఎటు, ఎంత జరిగాయన్న లెక్క మాత్రమే. వేల ఫోన్ల లెక్కల్ని సగటు చేసి మోడల్‌ను సరిదిద్దుతారు. ఇదే ఫెడరేటెడ్ లెర్నింగ్.

చిక్కంతా ఆ లెక్కతోనే. అలాంటి సవరణలు చేతికందితే చాలు, వాటి వెనకున్న బొమ్మల్ని, వాక్యాల్ని తిరిగి రాబట్టవచ్చని 2019లో ఎంఐటీ పరిశోధకులు చూపించారు. సగటు చేశాక కూడా, ఒక్కరే పదే పదే టైప్ చేసిన కార్డు నంబరును మోడల్ బట్టీపట్టే ప్రమాదం ఉంది.

అందుకే రెండో తాళం, డిఫరెన్షియల్ ప్రైవసీ. ముందు ఏ ఫోన్ సవరణా ఒక హద్దు మించకుండా కత్తిరిస్తారు. ఆ హద్దు 1 అనుకుందాం. తర్వాత మొత్తంలోని ప్రతి అంకెకూ 7 ప్రమాణంలో యాదృచ్ఛిక సంఖ్యను, అంటే కాస్త గోలను, కలుపుతారు. ఒక ఫోన్ ఉన్నా లేకపోయినా తేడా 1కి మించదు, అది 7లో మునిగిపోతుంది. మరి నేర్చుకోవడం? 6,500 ఫోన్లకు సగటు తీస్తే ఆ గోల అంకెకు వెయ్యోవంతుకు దిగుతుంది, అందరిలో ఉన్న ధోరణి నిలుస్తుంది. అదే 65 ఫోన్లయితే గోల పదోవంతుకు పైమాటే. అయిదారు ఆస్పత్రులు కలిసి, ఏ ఆస్పత్రి వాటా ఎంతో తెలియనంతగా ఈ పద్ధతి వాడితే మిగిలేది గోలే. అక్కడ ఆస్పత్రిని కాదు, ఒక్కో రోగిని దాచేలా లెక్క కట్టుకోవాలి.

గూగుల్ 2022లో వెల్లడించిన స్పానిష్ మోడల్‌కు రౌండుకు 6,500 ఫోన్ల చొప్పున, ఆరు రోజుల్లో 2,000 రౌండ్లు నడిపారు. ఏ ఫోనూ 24 గంటల్లో ఒకసారికి మించి పాల్గొనలేదు. గోప్యతకు ఎంత హద్దు పాటించారో అంకెతో సహా బయటపెట్టారు. నాకు నచ్చింది అదే. ‘మీ డేటా భద్రం’ అనే ప్రతి కంపెనీనీ ఆ అంకె ఎంతని, దాస్తున్నది ఒక వాక్యాన్నా, మొత్తం మనిషినా అని అడగాలి. గోల కలిపేది సర్వరే అయితే, ఆ సర్వర్ నడిపేవాళ్లను నమ్మక తప్పదన్నది వేరే సంగతి.

దీనికి ఖరీదూ ఉంది. కార్డు నంబరును దాచే గోలే, పది ఊళ్లలో మాత్రమే నడిచే యాస మాటనూ ముంచేస్తుంది. మోడల్‌కు ఆ రెంటికీ తేడా తెలియదు. రెండూ కొద్దిమంది రాసినవే. ఆ మాట టైప్ చేసినప్పుడల్లా కీబోర్డు పత్రికల తెలుగులోకే దిద్దబోతుంది.