ఖాలా కంట్లో రేతీ ఎక్కడిది?

పుంగనూరులో మా ఖాలాకు 76 ఏళ్ళు. ఏడాదిగా ఒకటే షికాయత్: "ఆంఖ్ మే రేతీ హై బేటా." ఎప్పుడు చూసినా కన్నీళ్ళు. కొడుకేమో అమ్మీ గమ్‌తో ఏడుస్తోందనుకున్నాడు. కంటి క్యాంపులో మోతియా ఉందా అని చూసి, ఇంకా ముదరలేదని చుక్కల దవా ఇచ్చి పంపేశారు. పక్కింటి అమ్మాయి మోచ్నాతో రెప్పవెంట్రుకలు పీకితే నెల రోజులు ఆరామ్. ఆ తర్వాత మొలిచిన పొట్టి వెంట్రుకలు ఇంకా గట్టిగా గుచ్చుకున్నాయి.

మదనపల్లెలో ఒక డాక్టర్ సాబ్ ఆమెను కళ్ళు గట్టిగా మూసి తెరవమన్నారు. తెరవగానే కింది రెప్ప అంచు లోపలికి ముడుచుకుపోయింది. వెంట్రుకలన్నీ నల్లగుడ్డు మీద! వేలితో రెప్పను కిందికి లాగితే సరిగ్గా నిలిచింది. మళ్ళీ ఆర్పగానే లోపలికే పోయింది. రేతీ కాదు, ఎంట్రోపియన్.

ఉమర్ పెరిగేకొద్దీ రెప్పను కంటి మూలకు కట్టి ఉంచే నరంలాంటి పట్టీ సడలుతుంది. రెప్పను కిందికి పట్టి ఉంచే పొర కూడా వదులవుతుంది. అప్పుడు కన్ను మూసే కండరం పైకెక్కి అంచును లోపలికి తిప్పేస్తుంది. అంటే ఖరాబైంది వెంట్రుక కాదు, రెప్ప పట్టు. అందుకే పీకితే ఇలాజ్ కాదు.

ఆపరేషన్ తారీఖు దాకా రెప్ప కింద చెంప మీదికి టేపు అంటించి లాగి ఉంచారు, మర్హమ్ రాశారు. ఆ రోజు రెప్పకు మాత్రమే మత్తు సూది. బయటి మూలలో రెప్పను బిగించి ఎముక పొరకు కుట్టారు, సడలిన పొరను మళ్ళీ అతికించారు. గంట లోపే పని అయిపోయింది, సాయంత్రానికి ఇంటికొచ్చేసింది. వాపు, నీలం రెండు వారాల్లో తగ్గాయి. ఉత్త కుట్లతో సరిపెడితే కొన్నేళ్ళకు మళ్ళీ తిరగొచ్చు. బిగింపు కూడా చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కుప్పంలో నా దోస్త్ వాలిద్‌ది దీనికి ఉల్టా: ఎక్ట్రోపియన్. రెప్ప బయటికి వేలాడి, లోపలి ఎర్రతనం కనిపిస్తుంది. కన్నీరు మూలలోని రంధ్రంలోకి పోక చెంప మీద కారుతుంది. ఆయన రుమాల్‌తో కిందికి తుడిచీ తుడిచీ రెప్పను ఇంకా సాగదీశారు. తుడిస్తే పైకి, ముక్కు వైపుకి తుడవాలి. దీనికీ మూల బిగింపే ఇలాజ్.

నా రాయ్ ఒకటే. క్యాంపుల్లో బుజుర్గులకు మోతియా చూసే ముందు కళ్ళు గట్టిగా మూసి తెరవమనాలి. రెప్ప తిరిగి ఉంటే ముందు దాన్ని బాగుచేయాలి. కంటిని ఒరుసుకునే రెప్పతో మోతియా ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ఖత్రా పెరుగుతుంది.

ఇంట్లో మనమూ చూడొచ్చు. కన్ను ఎర్రబడి, వెలుతురు భరించలేక, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మెడికల్ షాపు స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వద్దు. గీసుకుపోయిన కంట్లో అవి పుండును ముదిరిస్తాయి. అలా పోయిన చూపును రెప్ప బిగించినా తెచ్చుకోలేం.